శాంక్షన్ లెటర్‌లో ఈఎంఐ నా లెక్క కంటే 1,022 ఎక్కువ ఉంది. తేడా ఎక్కడ?

హేమలత_వి

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక రీసేల్ ఫ్లాట్‌కి బయానా ఇచ్చాం. ఒక బ్యాంకులో 30 లక్షల హోమ్ లోన్‌కి అప్లై చేస్తే నిన్న శాంక్షన్ లెటర్ వచ్చింది. మొత్తం ఏడు పేజీలు, వెనకాల కొన్ని అనుబంధాలు. లోన్ చూస్తున్న అబ్బాయి "రేపటికల్లా సంతకం పెట్టి పంపండి మేడమ్, లేకపోతే ఈ రేటు పోతుంది" అని ఫోన్ మీద ఫోన్. నాకేమో టెన్షన్.

మొదటి పేజీలో 8.25 శాతం, 240 నెలలు అని ఉంది. మామూలు ఈఎంఐ కాలిక్యులేటర్‌లో 30 లక్షలకి వేస్తే 25,562 వస్తోంది. లెటర్‌లో మాత్రం 26,584 అని రాసి ఉంది. అంటే నెలకి 1,022 తేడా. అడిగితే "సిస్టమ్ అలాగే జనరేట్ చేస్తుంది మేడమ్" అన్నాడు.

ఇంకో సంగతి. నాన్నగారి స్థలం అమ్మకానికి పెట్టాం. ఏడాదిలోపు ఒక 5 లక్షలు లోన్‌లో కట్టేయాలని మా ఆలోచన. దానికి ఏమైనా అడ్డంకి ఉందేమో కూడా చూడాలి. ఎవరైనా కాస్త చెప్పగలరా?

కిరణ్_జి

మేడమ్, మీకు ఫ్లాట్ రేటు వేసినట్టున్నారు. నాకూ ఇలాగే జరిగింది. బండి ఫైనాన్స్‌లో తీసుకున్నప్పుడు 9 శాతమే అన్నారు. లక్షకి మూడేళ్లు, నెలకి 3,528. తర్వాత మా ఆఫీసులో అకౌంటెంట్ చూసి, కట్టిన అసలుకి కూడా చివరిదాకా వడ్డీ వేస్తున్నారు, నిజానికి ఇది 16 శాతం దాటుతుంది అన్నాడు. లెటర్‌లో ఫ్లాట్ అనే మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పాత_లెడ్జర్

కిరణ్ గారి బండి సంగతి నిజమే, కానీ ఇది అది కాదు. 30 లక్షలకి 8.25 ఫ్లాట్ వేస్తే ఇరవై ఏళ్ల వడ్డీ 49.5 లక్షలు అవుతుంది, నెలవాయిదా 33,125 వస్తుంది. హేమలత గారి తేడా వెయ్యి రూపాయలే. వెయ్యి తేడా వచ్చిందంటే వడ్డీ పద్ధతిలో కాదు, అసలులోనే ఏదో కలిసిందని అనుమానం.

అమ్మా, మొదటి పేజీ పక్కన పెట్టండి. అది మనకి చూపించడానికి రాసే పేజీ. నేను ముప్ఫై ఏళ్లు ఈ లెటర్లు తయారు చేసినవాణ్నే, అందుకే చెబుతున్నాను. అనుబంధాల్లో వాయిదాల పట్టిక ఉంటుంది. అందులో మొదటి వరుస మాత్రం ఇక్కడ రాయండి. ప్రారంభ నిల్వ ఎంత, వడ్డీ ఎంత, అసలు ఎంత. మిగతా 239 వరుసలు అక్కర్లేదు.

హేమలత_వి

చూశానండి. ప్రారంభ నిల్వ 31,20,000 అని ఉంది! వడ్డీ 21,450, అసలు 5,134. నేను అడిగింది 30 లక్షలే.

మళ్లీ మొదటి నుంచి చదివాను. నాలుగో పేజీలో "గ్రూప్ క్రెడిట్ లైఫ్ ప్రీమియం 1,20,000, లోన్ మొత్తంలో కలుపబడినది" అని ఒక లైను ఉంది. మొదటి పేజీలో 30 లక్షలు పెద్ద అక్షరాల్లో, నాలుగో పేజీలో ఇది. అతను ఫోన్లో "ఇన్సూరెన్స్ ఉంటుంది మేడమ్, మీ జేబు నుంచి ఏమీ కట్టక్కర్లేదు" అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది.

పాత_లెడ్జర్

దొరికింది కదా. మొదటి నెల వడ్డీ చూడగానే అసలు ఎంతో తెలిసిపోతుంది. 21,450ని పన్నెండుతో గుణించి 8.25 శాతంతో భాగిస్తే సరిగ్గా 31.2 లక్షలు. పట్టిక అబద్ధం చెప్పదు, చెప్పాలన్నా దానికి చేతకాదు.

జేబు నుంచి కట్టక్కర్లేదు అన్న మాటకి అర్థం ఇదీ: 1,20,000 ప్రీమియం ఈ రోజు బ్యాంకే బీమా కంపెనీకి కడుతుంది, మీరు దాన్ని ఇరవై ఏళ్లు 8.25 వడ్డీతో తీరుస్తారు. నెలకి 1,022 చొప్పున 240 నెలలకి 2,45,280 అవుతుంది. ప్రీమియానికి రెండింతలు పైనే.

ప్రాసెసింగ్ ఫీజు లైను కూడా చూడండి. ఎంత శాతం అని కాదు, దేని మీద శాతం అన్నది చూడండి.

ఎక్సెల్ తెలిసిన వాళ్లింట్లో ఉంటే ఈ ఒక్క లైను వేసి ఈఎంఐ మీరే సరిచూసుకోవచ్చు:

```
=PMT(8.25%/12,240,-3000000)
```

హేమలత_వి

ఫీజు 0.50 శాతం, జీఎస్టీ అదనం అని ఉంది. మొత్తం 18,408 చూపించారు.

30 లక్షల మీదైతే 15,000, దానికి 18 శాతం జీఎస్టీ 2,700, కలిపి 17,700 రావాలి కదా. అంటే ఇన్సూరెన్స్ అప్పుకి కూడా ప్రాసెసింగ్ ఫీజు వేశారు! ఇది చూసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. అప్లికేషన్ పెట్టినప్పుడు లాగిన్ ఫీజు అని 5,900 కట్టించుకున్నారు. అది ఇందులో మినహాయిస్తారా లేదా అన్నది ఎక్కడా రాయలేదు.

రావుగారబ్బాయి

హేమలత గారూ, ఒక్క మాట. ఇన్సూరెన్స్ తీసేయమని గొడవ పెట్టుకుంటే శాంక్షనే పోతుంది. మా కజిన్‌కి అలాగే ఫైలు నెల రోజులు తొక్కిపెట్టారు. హోమ్ లోన్‌కి ఇన్సూరెన్స్ తప్పనిసరి, రూలే అలా ఉంది. 708 రూపాయల ఫీజు తేడా కోసం ఇల్లు పోగొట్టుకోకండి.

ప్రీపేమెంట్ గురించి మాత్రం నిశ్చింతగా ఉండండి. ఆర్‌బీఐ ఆ చార్జీలన్నీ ఎత్తేసింది. 2026 జనవరి 1 నుంచి ఏ బ్యాంకూ ఏ లోన్ మీదా ఒక్క రూపాయి తీసుకోకూడదు. పేపర్లో వచ్చింది.

పాత_లెడ్జర్

రావుగారబ్బాయి గారు చెప్పినదాంట్లో సగం సగం ఉంది.

తాకట్టు పెట్టే ఇంటికి అగ్నిప్రమాదం లాంటి వాటికి బీమా చేయించమని బ్యాంకు అడగడం మామూలే, దాని ప్రీమియం కూడా పెద్దగా ఉండదు. ఇక్కడున్నది అది కాదు, అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే బీమా. అది అసలే వద్దు అనను. సంపాదించే మనిషికి ఏమైనా అయితే ఇంటివాళ్ల నెత్తిన 30 లక్షలు పడకూడదు. కానీ ఈ బ్యాంకు చూపించిన పాలసీయే, ఒకేసారి ప్రీమియం కట్టేదే, అదీ అప్పులో కలిపే తీసుకోవాలని రూలు లేదు. ఏడాదికేడాది కట్టుకునే టర్మ్ పాలసీ బయట తీసుకుని కాపీ ఇస్తానని చెప్పొచ్చు. ఫైలు తొక్కిపెట్టడం జరగదని నేను చెప్పలేను, జరుగుతుంది. అందుకే ఫోన్లో కాకుండా మెయిల్‌లో అడగమంటాను. "ఇన్సూరెన్స్ లేకపోతే లోన్ ఇవ్వం" అని రాతపూర్వకంగా ఇవ్వమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ప్రీపేమెంట్ విషయానికొస్తే, ఎత్తేసింది ఫ్లోటింగ్ రేటు లోన్ల మీద, అంటే రేటు మధ్యలో మారే లోన్ల మీద. వ్యాపారానికి కాకుండా వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ లోన్లకి బ్యాంకుల్లో ఈ చార్జీ ఎప్పటినుంచో లేదు, 2012లో హోమ్ లోన్లతో మొదలైంది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లోన్లకి వచ్చిన కొత్త ఆదేశాలు దాన్ని ఇంకా విస్తరించాయి. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చావు, ఇన్ని నెలలు ఆగాలి లాంటి షరతులు కూడా పెట్టకూడదు. కానీ ఫిక్స్‌డ్ రేటు మీద చార్జీ తీసుకోవడానికి దారి ఇంకా ఉంది.

కాబట్టి అమ్మా, అసలు ప్రశ్న ఇప్పుడడుగుతున్నాను. 8.25 పక్కన ఏ మాట రాసి ఉంది? ఫిక్స్‌డా, ఫ్లోటింగా?

హేమలత_వి

మొదటి పేజీలో ఏమీ లేదండి, 8.25 అంతే. రెండో పేజీలో ఉంది. అర్థం ఇదీ: "మొదటి 36 నెలలు స్థిరమైన రేటు 8.25. తర్వాత రెపో రేటు ప్లస్ 3.85, మూడు నెలలకొకసారి సవరణ."

ప్రీపేమెంట్ ఐదో పేజీలో. "స్థిర రేటు కాలంలో ముందుగా చెల్లించే మొత్తంపై 2 శాతం, పన్నులు అదనం. ఫ్లోటింగ్ కాలంలో లేదు." చివరి పేజీలో ఉన్న పట్టీలో మాత్రం "ప్రీపేమెంట్ చార్జీలు: ఫ్లోటింగ్ లోన్లకు లేవు" అని ఒక్క ముక్కే ఉంది. నేను మొదట అది చూసే సంతోషపడ్డాను.

పాత_లెడ్జర్

అదీ విషయం. అలాంటి కలగలుపు లోన్లకి రూలు ఇలా ఉంటుంది: మీరు డబ్బు కట్టే రోజున లోన్ ఏ రేటు మీద నడుస్తోంది అన్నదే లెక్క. ఏడాదిలోపు మీ 5 లక్షలు కడితే అప్పటికి ఫిక్స్‌డ్‌లో ఉంటుంది. 2 శాతం అంటే 10,000, జీఎస్టీతో 11,800. అదే 37వ నెలలో కడితే సున్నా. చార్జీ మీరు కట్టే 5 లక్షల మీదే ఉంది, మిగిలిన అప్పు మొత్తం మీద కాదు, అదొక్కటి సరిగ్గానే రాశారు.

ఇక రెపో ప్లస్ 3.85 సంగతి. రెపో అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు. 2025 డిసెంబరు తగ్గింపు తర్వాత అది 5.25. దానికి 3.85 కలిపితే 9.10. అంటే ఈ రోజు రెపో కదలకుండా అలాగే ఉన్నా, 37వ నెలలో మీ రేటు 8.25 నుంచి 9.10కి వెళుతుంది. మార్కెట్‌లో ఏమీ జరగక్కర్లేదు, లెటర్‌లోనే ఆ పెరుగుదల రాసి ఉంది. ఇప్పుడు వాయిదాల పట్టికలో 37వ వరుస చూడండి.

హేమలత_వి

37వ వరుసలో కూడా 8.25 ప్రకారమే వేశారు. 240వ నెల దాకా ఒకటే ఈఎంఐ 26,584. ప్రారంభ నిల్వ దాదాపు 29.11 లక్షలు.

పాత_లెడ్జర్

ఊహించిందే. ఆ పట్టికలో మొదటి 36 వరుసలు నమ్మండి, మిగతా 204 వరుసలు అలంకారం.

ఆ 29.11 లక్షల మీద 9.10 వేసి చూడండి. గడువు మారకుండా 204 నెలలే ఉంచితే ఈఎంఐ సుమారు 28,091 అవుతుంది, అంటే 1,507 పెరుగుతుంది. ఈఎంఐ మార్చకుండా 26,584 దగ్గరే ఉంచితే 204 నెలలకి బదులు 235 నెలలు కట్టాలి. రెండున్నరేళ్లు పైనే ఎక్కువ. సాధారణంగా బ్యాంకు ఏం చేస్తుందంటే గడువు పెంచేస్తుంది, ఎందుకంటే ఈఎంఐ మారకపోతే ఎవరూ ఫోన్ చేసి అడగరు.

2023 ఆగస్టులో ఆర్‌బీఐ దీని మీదే ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది అప్పు తీసుకున్న వాళ్లకి వదలాలి. పెంచిన గడువులో కట్టే వాయిదా వడ్డీకి కూడా చాలని స్థితి రాకూడదు. మూడు నెలలకొకసారి ఎంత అసలు, ఎంత వడ్డీ కట్టారు, ఎన్ని వాయిదాలు మిగిలాయి అన్న స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఈ ఎంపిక గురించి మీ లెటర్‌లో ఒక పేరా ఉండాలి, వెతకండి.

నాగమణి_టి

ఈ 3.85 అన్న అంకె దగ్గరే అందరం మోసపోతాం. నాది 2021 లోన్, అప్పట్లో నాకు రెపో ప్లస్ ఎంతో ఇచ్చారు. ఈ మధ్య అదే బ్రాంచిలో మా పక్కింటావిడకి నాకంటే చాలా తక్కువ స్ప్రెడ్‌తో ఇచ్చారు. ఇద్దరికీ రెపో ఒకటే. పాతవాళ్లకి తగ్గించమంటే కన్వర్షన్ ఫీజు కట్టమన్నారు. రెపో తగ్గితే మనకి తగ్గుతుందనుకుంటాం కానీ, ఈ ప్లస్ పక్కన ఉన్న అంకె మన నెత్తిన అలాగే కూర్చుంటుంది.

మా తమ్ముడిది ఇంకా దారుణం. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్నాడు. వాడి లెటర్‌లో రెపో అనే మాటే లేదు. కంపెనీ సొంత ప్రైమ్ రేటు మైనస్ ఇంత అని ఉంది. రెపో పెరిగినప్పుడు వారంలో మెసేజ్ వచ్చింది, తగ్గినప్పుడు ఇంకా ఎదురుచూస్తున్నాడు.

పాత_లెడ్జర్

నాగమణి గారు చెప్పింది అక్షరాలా నిజం. 2019 అక్టోబరు 1 నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లని రెపో లాంటి బయటి రేటుకి కట్టాలన్న నిబంధన బ్యాంకులకి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి అది లేదు. బ్యాంకు కూడా ఆ స్ప్రెడ్‌ని ఇష్టం వచ్చినప్పుడల్లా పెంచలేదు, కానీ మొదటి రోజు ఎంత పెట్టాలన్నది దాని ఇష్టం. అందుకే బేరం ఆడాల్సింది 8.25 మీద కాదు, 3.85 మీద. సంతకం పెట్టాక ఆ అంకెని కదిలించడం కష్టం.

రావుగారబ్బాయి

ఫిక్స్‌డ్ గురించి నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నా. కానీ ఒక సందేహం. మూడేళ్లు ఫిక్స్‌డ్ ఉండటం మంచిదే కదా? ఈలోపు రెపో పెరిగితే? 2022లో మే నుంచి మొదలుపెట్టి ఏడాదిలోపే 4 నుంచి 6.5కి తీసుకెళ్లారు. అప్పుడు ఫ్లోటింగ్‌లో ఉన్నవాళ్లంతా గగ్గోలు పెట్టారు.

గోదారిగట్టు

రేట్ల సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను ఒక చిన్న తేదీ గురించి చెబుతాను. దానివల్ల నాకు ఆరు వేలు పోయింది.

మాది కూడా రీసేలే. 30 లక్షలు, 8.25. చెక్కు మీద 3వ తేదీ వేశారు. అమ్మేవాళ్ల అబ్బాయి ఊరి నుంచి రావడం ఆలస్యమై రిజిస్ట్రేషన్ 12న జరిగింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద బ్యాంకు మనిషి బ్యాగులోంచి చెక్కు తీసి ఇచ్చాడు. అంటే తొమ్మిది రోజులు ఆ చెక్కు బ్యాంకు బీరువాలోనే ఉంది. మొదటి స్టేట్‌మెంట్ చూస్తే వడ్డీ 3 నుంచే లెక్క. రోజుకి 678, తొమ్మిది రోజులకి 6,102.

నేను అడిగితే "చెక్కు తయారైన రోజు నుంచే వడ్డీ సార్, లెటర్‌లో ఉంది" అన్నారు. నిజంగానే ఉంది, "పంపిణీ తేదీ అంటే చెక్కు తేదీ" అని. నేను చదవలేదు, అది 2023 సంగతి.

పాత_లెడ్జర్

మంచి మాట గుర్తుచేశారు. 2024 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ సరిగ్గా ఇదే పట్టుకుంది. చెక్కు తేదీ నుంచి వడ్డీ వేసి చెక్కు మాత్రం రోజుల తర్వాత చేతికివ్వడం, మంజూరైన రోజు నుంచే వడ్డీ వేయడం, నెల మధ్యలో ఇచ్చినా నెల మొత్తానికి తీసుకోవడం, ఇవన్నీ తనిఖీల్లో కనబడ్డాయని, అలా తీసుకున్నది వెనక్కి ఇవ్వమని చెప్పింది. చెక్కులకి బదులు ఆన్‌లైన్‌లో పంపమని కూడా అంది. గోదారిగట్టు గారు ఇప్పుడైనా ఒక రాతపూర్వక ఫిర్యాదు పెట్టి చూడొచ్చు. వస్తుందని హామీ ఇవ్వను.

హేమలత గారూ, మీ లెటర్‌లో పంపిణీ తేదీకి, మొదటి ఈఎంఐ తేదీకి మధ్య వచ్చే రోజుల వడ్డీ ఎలా తీసుకుంటారో కూడా చూడండి. 18న డబ్బు ఇచ్చి ఈఎంఐ 5న అంటే మధ్యలో కొన్ని రోజుల వడ్డీ విడిగా ఉంటుంది. అది న్యాయమైనదే, వాడుకున్న డబ్బుకి వడ్డీ. కానీ పంపిణీ చేసేటప్పుడు అందులోంచే కోసుకుంటే అమ్మేవాళ్లకి ఇవ్వాల్సిన మొత్తంలో ఆ రోజు తక్కువపడుతుంది. ముందే తెలుసుకుంటే రిజిస్ట్రేషన్ దగ్గర పరుగులు తప్పుతాయి.

కిరణ్_జి

ఇంత చదివాక నాకు ఒకటే అనిపిస్తోంది. ఇవన్నీ ఏడు పేజీల్లో వెతకాలంటే మామూలోళ్ల వల్ల అవుతుందా సార్? ఒక్క చోట ఉండదా?

పాత_లెడ్జర్

ఉంటుంది. హేమలత గారు చివరి పేజీలో పట్టీ అన్నారే, దాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి ఇవ్వాల్సిందే, అదీ అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో. తెలుగులో కావాలంటే అడగండి. అందులో లేని చార్జీని మధ్యలో కొత్తగా పెట్టాలంటే మీ అంగీకారం కావాలి. హోమ్ లోన్ లాంటి దానికి అది కనీసం మూడు పనిదినాలు చెల్లుతుంది. కాబట్టి "రేపటికల్లా సంతకం" అన్న మాట పట్టించుకోకండి. నిన్న వచ్చిందంటే ఆ మూడు రోజులదాకా అవే షరతులకి బ్యాంకు కట్టుబడి ఉండాలి.

దాంట్లో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. ఎంత ఉందో చెప్పండి.

హేమలత_వి

8.87.

పాత_లెడ్జర్

8.25 అని చెప్పి 8.87 ఎందుకు? మీ పేరున అప్పు 31,20,000. అందులో బీమాకి 1,20,000 పోయింది, ఫీజుకి 18,408 పోయింది. ఇల్లు కొనడానికి మీకు నిజంగా పనికొచ్చింది 29,81,592. దానికి 26,584 చొప్పున 240 నెలలు కడుతున్నారు. ఆ లెక్కకి వచ్చే వడ్డీ అది.

```
=RATE(240,-26584,2981592)*12
```

బీమా లేకుండా 30 లక్షలకి 17,700 ఫీజుతో వేస్తే 8.33 వస్తుంది. ఆ అర శాతం పైగా తేడా అంతా దాదాపు బీమాదే. ఇంకో సంగతి గమనించండి, ఈ 8.87 కూడా ఇరవై ఏళ్లూ 8.25 నడుస్తుందని అనుకుని వేసింది. 37వ నెల తర్వాతి 9.10 అందులో లేదు.

హేమలత_వి

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. అన్నీ ఒక మెయిల్‌లో రాసి పంపాను: ఇన్సూరెన్స్ అక్కర్లేదు, నా టర్మ్ పాలసీ కాపీ జతచేస్తున్నాను, ఫీజు 30 లక్షల మీదే వేయండి, 36 నెలల తర్వాత పట్టిక ఎలా ఉంటుందో చూపించండి, వడ్డీ డబ్బు అమ్మేవాళ్ల ఖాతాలో పడిన రోజు నుంచి మొదలవ్వాలి. రెండు రోజులు సమాధానం లేదు. మూడో రోజు బ్రాంచి మేనేజర్ గారే ఫోన్ చేశారు, చాలా మర్యాదగా మాట్లాడారు.

కొత్త లెటర్ వచ్చింది. ఇన్సూరెన్స్ పోయింది. అసలు 30,00,000, ఫీజు 17,700. డబ్బు చెక్కు కాకుండా ఆర్‌టీజీఎస్‌లో పంపుతామన్నారు. 3.85 మాత్రం తగ్గించలేదు. దానికి బదులు రెండో దారి ఇచ్చారు: మొదటి రోజు నుంచే ఫ్లోటింగ్, రెపో ప్లస్ 3.25, అంటే ఇప్పుడు 8.50. ఈఎంఐ 26,035. మొదటి నెల నుంచే 473 ఎక్కువ కదా, ఏది తీసుకోవాలో తేలట్లేదు.

పాత_లెడ్జర్

నేనైతే రెండోది. రెపో కదలదనుకుని లెక్క చూడండి. మొదటి దాంట్లో 36 నెలలు 25,562, ఆ తర్వాత సుమారు 27,011. రెండో దాంట్లో మొదటి నుంచీ చివరిదాకా 26,035. మూడేళ్లలో మీకు మిగిలేది 17,028. ఆ తర్వాత 204 నెలలపాటు నెలకి 976 ఎక్కువ కడతారు. పైగా మీరు ఏడాదిలో 5 లక్షలు కడతానంటున్నారు. మొదటి దాంట్లో దానికి 11,800 పోతుంది, అంటే ఆ 17,028లో ఎక్కువ భాగం అక్కడే ఆవిరి.

రావుగారబ్బాయి

నేను ఒప్పుకోను సార్. రెపో ఇప్పుడు 5.25 దగ్గరుంది, బాగా తగ్గాక ఉన్నది ఇది. ఇక్కడి నుంచి పెరగడానికే ఎక్కువ అవకాశం. ఒక్క శాతం పెరిగితే ఆవిడ 8.50 కాస్తా 9.50 అవుతుంది, ఫిక్స్‌డ్‌లో ఉంటే 8.25 దగ్గరే హాయిగా ఉంటారు. స్థలం అమ్మకం కూడా అనుకున్నట్టు ఏడాదిలో అవుతుందని నమ్మకం ఏముంది? మా బాబాయి స్థలం అమ్మకానికి పెట్టి ఆరేళ్లయింది.

పాత_లెడ్జర్

స్థలం విషయంలో మీ మాట కొట్టిపారేయలేను. రెపో పెరుగుతుందా తగ్గుతుందా అన్నది నేను చెప్పలేను, ఎవరు చెప్పినా నమ్మను. నేను చెప్పేదల్లా, పెరిగితే మూడేళ్ల తర్వాత ఫిక్స్‌డ్ వాళ్లకీ అదే పెరుగుదల తగులుతుంది, అదనంగా 0.60 కూడా మోయాలి. రక్షణ మూడేళ్లే, బరువు పదిహేడేళ్లు.

నాగమణి_టి

మూడేళ్ల తర్వాత వేరే బ్యాంకుకి మార్చుకోవచ్చు కదా? ఫ్లోటింగ్‌లోకి రాగానే చార్జీ లేదు.

పాత_లెడ్జర్

మార్చుకోవచ్చు. కొత్త బ్యాంకులో మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, డాక్యుమెంట్లు తాకట్టు రాసే ఖర్చు ఉంటాయి, అప్పటికి మీ సిబిల్, ఉద్యోగం బాగుండాలి. కొందరికి బాగానే పనిచేసింది. నేను చూసినవాళ్లలో మారుస్తామని అన్నవాళ్లు ఎక్కువ, మార్చినవాళ్లు తక్కువ.

హేమలత_వి

ఇంట్లో మాట్లాడాం. మావారు ఫిక్స్‌డ్ అంటున్నారు, నేను ఫ్లోటింగ్ వైపు ఉన్నాను. నాన్నగారు స్థలానికి నిన్న ఎవరో వచ్చి చూసి వెళ్లారని చెప్పారు, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. రెండు ఆప్షన్ల కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్లూ తెలుగులో పంపమని అడిగాను. ఫ్లోటింగ్‌ది వచ్చింది, ఫిక్స్‌డ్‌ది రేపు పంపుతామన్నారు, అందులో 37వ వరుస 9.10తోనే వేయమని గట్టిగా చెప్పాను. లాగిన్ ఫీజు 5,900 మినహాయిస్తారా లేదా అన్నదానికి మాత్రం మేనేజర్ గారు "చూస్తాం మేడమ్" అన్నారు. ఆ ముక్క మెయిల్‌లో రాయమన్నాను, ఇంకా రాలేదు.